స్లయిడ్లన్నీ వచ్చు, వైవాలో మాట రావడం లేదు

ప్రశ్న: నమస్కారం సార్. మాది చిత్తూరు దగ్గర పల్లె. తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ట్రిపుల్ ఈ రెండో ఏడాది చదువుతున్నాను. రోజూ బస్సులో వచ్చిపోతాను. మెషీన్స్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్ వైవా ఇంకో రెండు వారాల్లో ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ల మీద మా సార్ ఇచ్చిన పీపీటీలో 46 స్లయిడ్లున్నాయి, దాదాపు అన్నీ నాకు నోటికి వచ్చు. అయినా పోయిన ఇంటర్నల్‌లో 'ఓసీ టెస్ట్ ఎల్వీ వైపే ఎందుకు చేస్తారు' అని అడిగితే 'మీటర్లు ఎల్వీ వైపు పెడతాం సర్' అని స్లయిడ్‌లో ఉన్నదే మళ్లీ చెప్పాను. ఆయన నవ్వి రికార్డు పక్కన పెట్టేశారు. ఆ స్లయిడ్‌లో ఉన్నది ఇంతే: ఓసీ టెస్ట్ - మీటర్లు ఎల్వీ వైపు, హెచ్‌వీ ఓపెన్, రేటెడ్ వోల్టేజ్, వాట్‌మీటర్ రీడింగ్ ఐరన్ లాస్. ఎస్సీ టెస్ట్ - మీటర్లు హెచ్‌వీ వైపు, ఎల్వీ షార్ట్, రేటెడ్ కరెంట్, వాట్‌మీటర్ రీడింగ్ కాపర్ లాస్. మా ల్యాబ్ ట్రాన్స్‌ఫార్మర్ 2 కేవీఏ, 230/115 వోల్టులు. నా రీడింగులు ఓసీలో 115 వోల్టులు, 1 ఆంపియర్, 40 వాట్లు. ఎస్సీలో 12 వోల్టులు, 8.7 ఆంపియర్లు, 60 వాట్లు. ఫ్రెండ్స్ స్లయిడ్లు పంచుకుని ఒక్కొక్కరం వంద ప్రశ్నలు రాద్దామంటున్నారు. సీనియర్ల దగ్గర పెద్ద ప్రశ్నల పీడీఎఫ్ ఉంది. పదో తరగతి వరకు తెలుగు మీడియం కావడంతో ఇంగ్లీషులో నోరు తిరగదు. స్లయిడ్ల నుంచి ప్రశ్నలు ఎలా తీయాలి, జవాబు ఎంత చెప్పాలి? టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా, నువ్వు పంపిన స్లయిడ్‌నే ముందు పెట్టుకుందాం. దాంట్లో ఒక్క 'ఎందుకు' కూడా లేదు. అది మీ సార్ లోపం కాదు. స్లయిడ్ అంటే ఆయన క్లాసులో మాట్లాడటానికి వేసుకున్న గుర్తులు. కారణాలు ఆయన నోటితో చెప్పారు, ఫైల్లో పెట్టలేదు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన అడిగేది సరిగ్గా ఆ ఫైల్లో లేని భాగమే. నీ ముందు రికార్డు ఉంది, గోడ మీద సర్క్యూట్ చార్టు ఉంది. వాటిలో ఉన్న ముక్కనే నీతో చెప్పించుకుంటే నీకు తెలుసో లేదో ఆయనకు తేలదు.

కాబట్టి స్లయిడ్‌లోని ఒక్కో ముక్క పక్కన మూడు ప్రశ్నలు రాయి. ఇది ఏమిటి? ఇలా ఎందుకు? దీన్ని మారిస్తే ఏమవుతుంది? వైవా చాలావరకు ఈ వరసలోనే నడుస్తుంది. మొదటిది నిన్ను కుదురుకోనివ్వడానికి అడుగుతారు. రెండోదాంట్లో సగంమంది ఆగిపోతారు. మూడోది మార్కులు తేల్చేది. జవాబు స్లయిడ్‌లో ఉన్నదున్నట్టుగా దొరికితే నువ్వు ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నావని లెక్క. రెండోదానికి టెక్స్ట్‌బుక్ తెరవాలి, లేకపోతే మీ సార్‌నే అడగాలి. మూడోదానికి నీ రీడింగులతో లెక్క వేయాలి.

నీకు చేదైన ముక్కతోనే చేసి చూద్దాం. 'ఓసీ టెస్ట్‌లో మీటర్లు ఎల్వీ వైపు.' ఏమిటి అన్నది తేలిక. ఎందుకంటే, ఈ టెస్టుకు రేటెడ్ వోల్టేజ్ ఇవ్వాలి. మీ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎల్వీ వైపు అది 115 వోల్టులే, హెచ్‌వీ వైపైతే 230 కావాలి. మీ ల్యాబ్‌లో 230 వోల్టులు అందుబాటులోనే ఉంటాయి కాబట్టి ఇది పెద్ద తేడాగా కనబడదు. కానీ పదకొండు వేల వోల్టుల వైపున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను ఊహించుకో, అప్పుడు కారణం కళ్లకు కడుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. నో-లోడ్ కరెంట్ అసలే చిన్నది. ఎల్వీ వైపు అది హెచ్‌వీ వైపు కంటే రెట్టింపు ఉంటుంది కాబట్టి అమ్మీటర్‌లో చదవడానికి వీలుగా ఉంటుంది. వైవాలో ఇలా చెప్తే చాలు:

"సర్, ఓసీ టెస్టుకు రేటెడ్ వోల్టేజ్ కావాలి, ఎల్వీ వైపు అది తక్కువ. మాకు 115 వోల్టులు సరిపోయాయి. నో-లోడ్ కరెంట్ కూడా ఎల్వీ వైపు ఎక్కువ కాబట్టి రీడింగ్ స్పష్టంగా వస్తుంది, మాకు 1 ఆంపియర్ వచ్చింది."

ఇది నిదానంగా చెప్పినా అర నిమిషం పట్టదు. మొదటి వాక్యంలోనే జవాబు అయిపోయింది. తర్వాతది కారణాన్ని గట్టిపరిచింది. చివరగా నీ సొంత రీడింగ్ వచ్చింది. నీ జవాబులన్నీ ఈ కొలతలోనే ఉండనీ. రీడింగ్ చెప్పగానే ఎదురుగా ఉన్నాయనకు ఈ అమ్మాయి ప్రయోగం తన చేత్తో చేసిందని అర్థమవుతుంది.

ఇప్పుడు మూడో ప్రశ్న. హెచ్‌వీ వైపు చేస్తే ఏమవుతుంది? చాలామంది 'ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది సర్' అంటారు. ఏమీ కాలదు. 230 వోల్టులు ఇస్తే సుమారు అర ఆంపియర్ తీసుకుంటుంది, వాట్‌మీటర్ అదే 40 వాట్లు చూపిస్తుంది. ఐరన్ లాస్ కోర్‌లోని ఫ్లక్స్‌ను బట్టి ఉంటుంది. ఏ వైపు నుంచి రేటెడ్ వోల్టేజ్ ఇచ్చినా ఆ ఫ్లక్స్ ఒకటే. అంటే ఎల్వీ వైపు చేయడం సౌకర్యం కోసం తప్ప సిద్ధాంతం పెట్టిన నియమం కాదు. ఈ తేడా చెప్పగలిగితే ఆ స్లయిడ్ నిజంగా నీకు వచ్చినట్టు.

ఎస్సీ టెస్ట్ వైపు వస్తే, మీటర్లు హెచ్‌వీ వైపు పెట్టడానికి కారణం దాదాపు దీని తిరగేసిన రూపమే. అక్కడ కావలసింది రేటెడ్ కరెంట్. హెచ్‌వీ వైపు అది 2000ను 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు, ఎల్వీ వైపు 17.4. దీని మాట్లాడే జవాబు నువ్వే రాసుకో, పై నమూనా ఉంది కదా. నేను ఎక్కువ చెప్పదలచుకున్నది చివరి ముక్క గురించి. 'వాట్‌మీటర్ రీడింగ్ కాపర్ లాస్' అని స్లయిడ్‌లో ఉంది. అది ఫుల్‌లోడ్ కాపర్ లాస్ కావాలంటే కరెంట్ సరిగ్గా 8.7 ఉండాలి. ఆ షరతు పై ముక్కలోని 'రేటెడ్ కరెంట్' అన్న రెండు మాటల్లో దాక్కుని ఉంది. దాన్ని బయటకు లాగితే మంచి ప్రశ్న వస్తుంది: డిమ్మర్‌స్టాట్ సరిగా తిప్పలేక 8 ఆంపియర్ల దగ్గరే ఆగి, 51 వాట్లు చదివావనుకో, అప్పుడు ఫుల్‌లోడ్ కాపర్ లాస్ ఎంత? కాపర్ లాస్ కరెంట్ వర్గాన్ని బట్టి మారుతుంది. 8.7ను 8తో భాగించి, వర్గం చేసి, 51తో గుణిస్తే సుమారు 60 వస్తుంది. వైవాలో ఈ లెక్క పూర్తిగా చేయక్కర్లేదు. 'కరెంట్ నిష్పత్తి వర్గంతో గుణించాలి సర్' అంటే చాలు.

అదే స్లయిడ్ నుంచి ఇంకో గట్టి ప్రశ్న: ఎల్వీ షార్ట్ చేసి ఉండగా హెచ్‌వీకి పొరపాటున పూర్తి 230 వోల్టులు ఇస్తే? నీ రీడింగుల్లోనే జవాబుంది. 12 వోల్టులకు 8.7 ఆంపియర్లు వచ్చాయి. 230 అంటే 12కు పంతొమ్మిది రెట్లు. కరెంట్ కూడా అన్ని రెట్లు పెరిగి 165 ఆంపియర్లు దాటుతుంది. ఫ్యూజ్ పోతుంది, అది పోకపోతే వైండింగ్ పోతుంది. అందుకే సప్లై వేయకముందు డిమ్మర్‌స్టాట్ సున్నా దగ్గరుందో లేదో చూస్తాం. ప్రొసీజర్ స్లయిడ్‌లో ఉండే ఆ జాగ్రత్తను చాలామంది దండకంలా చదివేస్తారు. దానికి కారణం ఈ లెక్కే.

ఇంకొకటి చాలా తరచుగా అడుగుతారు. ఓసీలో కాపర్ లాస్‌ను ఎందుకు వదిలేస్తాం? 'నెగ్లిజిబుల్ సర్' అంటే సరిపోదు, ఎంత నెగ్లిజిబుల్ అని అడుగుతారు. ఎల్వీ వైపు రేటెడ్ కరెంట్ 17.4, ఇక్కడ పారింది 1 ఆంపియర్. వర్గం చేస్తే మూడు వందల్లో ఒక వంతు. హెచ్‌వీ ఓపెన్‌లో ఉంది కాబట్టి అక్కడ కరెంటే లేదు. నీ 60 వాట్లలో సగం ఎల్వీ వైండింగ్‌ది అనుకుంటే 30 వాట్లను మూడు వందలతో భాగిస్తే 0.1 వాట్. 40 వాట్ల పక్కన అది లెక్కలోకి రాదు. అలాగే ఎస్సీలో ఐరన్ లాస్ ఎందుకు వదిలేస్తామో నీ 12 వోల్టులు, 230 వోల్టులు పెట్టుకుని నువ్వే వేసి చూడు. వోల్టేజ్ తగ్గితే ఫ్లక్స్ తగ్గుతుంది, లాస్ సుమారుగా వోల్టేజ్ వర్గం మేరకు తగ్గుతుంది.

జవాబు పొడవు గురించి అడిగావు. మూడు వాక్యాలు దాటొద్దని చెప్పడానికి నా దగ్గర ఒకటే కారణం ఉంది. నువ్వు చివరన పలికిన మాటే చాలాసార్లు తర్వాతి ప్రశ్న అవుతుంది. 'ఐరన్ లాస్ అంటే హిస్టెరిసిస్ లాస్, ఎడ్డీ కరెంట్ లాస్ సర్' అని ముగిస్తే 'ఎడ్డీ కరెంట్ తగ్గించడానికి ఏం చేస్తారు' అని వస్తుంది. కోర్‌ను పలచటి లామినేషన్లుగా చేసి మధ్యలో ఇన్సులేషన్ పెడతారని నీకు తెలిస్తే ఆ మాటతో ముగించడం తెలివైన పని, ప్రశ్న నువ్వు కోరుకున్న చోటికే వస్తుంది. తెలియకపోతే ఆ మాట తీసేయి, లేదా దాని మీద కూడా మూడు వాక్యాలు తయారు చేసుకో. జవాబులు రాశాక ప్రతి దాని చివరి మాట కింద గీత గీసి చూడు. ఆ మాటను విడిగా వివరించలేకపోతే అక్కడ గొయ్యి ఉన్నట్టే.

ఇక 46 స్లయిడ్ల సంగతి. అన్నింటికీ మూడేసి ప్రశ్నలు అనుకుంటే ఎంత తక్కువైనా నూట ముప్పై పైన తేలతాయి. రెండు వారాల్లో రాయడం సాధ్యమే. నోటితో పలికి సరిచూసుకోవడం సాధ్యం కాదు, అప్పుడు మళ్లీ బట్టీయే మిగులుతుంది. రెండో దారి, మీ ల్యాబ్ లిస్టులో ఉన్న ప్రయోగాలకు తగిలే స్లయిడ్లు మాత్రమే తీసుకోవడం. ఓసీ-ఎస్సీ, సంప్నర్స్ టెస్ట్, ప్యారలల్ ఆపరేషన్, స్కాట్ కనెక్షన్, పోలారిటీ లాంటివి మీ లిస్టులో ఎన్నున్నాయో చూసుకో. వాటికి సంబంధించి పది, పన్నెండు స్లయిడ్లకు మించి ఉండవు. దీనివల్ల నష్టం, థియరీ నుంచి ఏదైనా పక్క ప్రశ్న వస్తే తడబడతావు. ల్యాబ్ వైవాలో ఆ నష్టం చిన్నదని నా అభిప్రాయం. మిగతా స్లయిడ్లకు ఒక్కొక్క ప్రశ్న చాలు.

ఆ ఒక్క ప్రశ్న ఎలాంటిదో కూడా చెప్తాను. ఈఎంఎఫ్ ఈక్వేషన్ స్లయిడ్ ఉంటుంది కదా, E = 4.44 f N Φm. డెరివేషన్ అంతా నోటితో చెప్పమనరు. ఆ 4.44 ఎక్కడిది అంటారు. ఫ్లక్స్ సైన్ వేవ్ అయితే 2πని √2తో భాగిస్తే వచ్చేది అదే. కోర్ టైప్, షెల్ టైప్ పోలిక పట్టిక ఉంటే మీ ల్యాబ్‌లోది ఏ టైపో చూసిరా, పట్టిక మొత్తం అడగరు. 'ట్రాన్స్‌ఫార్మర్ రేటింగ్ కేవీఏలో' అన్న స్లయిడ్ ఉంటే మీ పొలం దగ్గర కరెంటు స్తంభాల మీద ఉండే ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ గుర్తుచేసుకో. బోర్ల దగ్గర 25 కేవీఏ అని చూసే ఉంటావు, కిలోవాట్లు అని ఉండదు. ఐరన్ లాస్ వోల్టేజ్‌ను బట్టి, కాపర్ లాస్ కరెంట్‌ను బట్టి ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కేది ఈ లాసుల వల్లే, వాటికి లోడ్ పవర్ ఫ్యాక్టర్‌తో పని లేదు. అందుకే కేవీఏ. ఇది ఎక్కడ చదివినా అడిగే ప్రశ్న, తప్పకుండా పెట్టుకో.

ఫ్రెండ్స్ మాట వింటే పని త్వరగా అవుతుంది, ప్రశ్నలు ఎక్కువ పోగవుతాయి. కాకపోతే ఒక్కొక్కరి చేతికి వాళ్లు చేసిన స్లయిడ్లే పట్టుబడతాయి. మిగతావి నీకు మళ్లీ చదవాల్సిన కాగితాలే అవుతాయి. ప్రశ్న తయారు చేసేటప్పుడే కారణం వెతుకుతావు, అసలు చదువు అక్కడ జరుగుతుంది. పూర్తిగా ఒంటరిగా చేస్తే ఇంకో ఇబ్బంది, నీ జవాబులోని కంత నీకు కనబడదు. నాకు నచ్చేది మధ్య దారి. జవాబులు ఎవరివి వాళ్లే రాసుకోండి, అడగడం మాత్రం ఒకరికొకరు చేయండి. అడిగేవాళ్లు నీ కాగితం చూడకూడదు. నువ్వు ముగించిన మాట పట్టుకుని 'ఎందుకు' అనడం ఒక్కటే వాళ్ల పని. వాళ్లు ఒప్పుకోకపోతే బలవంతం చేయకు, వాళ్ల వంద ప్రశ్నల్లోంచి ప్రశ్నలు మాత్రం తీసుకుని జవాబులు మూసిపెట్టు.

సీనియర్ల పీడీఎఫ్‌ను చివర్లో తెరువు. ముందే తెరిస్తే మూడు ప్రశ్నలు రాయబుద్ధి కాదు. నీవి అయ్యాక నువ్వు వదిలేసినవి ఏమున్నాయో చూడటానికి అది పనికొస్తుంది. జవాబుల్ని మాత్రం నమ్మేయకు. ఉదాహరణకు 'డీసీ ఇస్తే ఏమవుతుంది' అన్నదానికి 'అవుట్‌పుట్ సున్నా' అని ఒక్క మాటలో రాసి ఉంటారు. అది సగమే. ఫ్లక్స్ మారదు కాబట్టి ఎదురు ఈఎంఎఫ్ రాదు, కరెంట్‌ను ఆపేది వైండింగ్‌కున్న చిన్న రెసిస్టెన్స్ ఒక్కటే. రేటెడ్ వోల్టేజ్ డీసీ ఇస్తే వైండింగ్ కాలుతుంది. 'అవుట్‌పుట్ సున్నా' దగ్గర ఆగినవాళ్లను 'మరి ప్రైమరీ సంగతేంటి' అని అడుగుతారు.

ఇంగ్లీషు విషయానికి వస్తే, నీకు కావలసిన పేర్లన్నీ ఎలాగూ ఇంగ్లీషువే. తడబడేది మధ్యలోని క్రియల దగ్గర. నీ ముందు రెండు దారులున్నాయి. మొదట్లోనే 'సర్, తెలుగులో చెప్పొచ్చా' అని అడగొచ్చు. మన తిరుపతి వైపు చాలామంది సరేనంటారు, కొందరు కుదరదంటారు. కుదరదన్న రోజు అక్కడే సగం ధైర్యం పోతుంది. రెండోది, ప్రతి జవాబులో మొదటి వాక్యం ఒక్కటే ఇంగ్లీషులో సిద్ధం చేసుకోవడం. 'ఓసీ టెస్ట్ నీడ్స్ రేటెడ్ వోల్టేజ్ సర్, ఇట్ ఈజ్ లో ఆన్ ఎల్వీ సైడ్.' ఇంత చిన్న వాక్యం చాలు. కారణం చెప్పేటప్పుడు మాటలు అందకపోతే అప్పుడు తెలుగు అడుగు. జవాబు అప్పటికే ఆయన చెవిన పడింది కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఇది కాస్త శ్రమ, కానీ రేపు ఉద్యోగం ఇంటర్వ్యూకు కూడా ఇదే వాక్యం పనికొస్తుంది.

బస్సులో పైకి మాట్లాడలేవు, పక్కన కూర్చున్నావిడ భయపడుతుంది. అందుకే రాత్రి ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసుకుని పొద్దున పూతలపట్టు దాటాక వినడం మొదలుపెట్టు. వినేటప్పుడు రెండే చూడు. మొదటి వాక్యంలో జవాబు వచ్చిందా, చివరి మాట నాకు తెలిసినదేనా. యాస, వేగం, ఉచ్చారణ పట్టించుకోకు. రాసిన జవాబు బాగుండి నోటికి వచ్చేసరికి పాడవుతుంటే సాధారణంగా వాక్యం పొడవెక్కువై ఉంటుంది. దాన్ని రెండుగా విరిచి మళ్లీ చెప్పు.

తెలియనిది అడిగితే ఏం చేయాలన్నది నీ ఉత్తరంలో లేదు గానీ, అదీ వస్తుంది. ఊహించి చెప్తే ఆ ఊహ మీదే ఇంకో ప్రశ్న పడుతుంది. మౌనంగా నిలబడితే ఆయనకు నీ గురించి ఏమీ తెలియదు. తెలిసినంత వరకు ఒక వాక్యం చెప్పి, 'తర్వాతది తెలియదు సర్' అంటే చాలామంది ప్రశ్న మార్చేస్తారు.

చివరగా నీ రికార్డు. వైవాలో పీపీటీ ఎవరూ తెరవరు, రికార్డు తెరుస్తారు. ఓసీలో నీ 40 వాట్లను 115 వోల్టులు, 1 ఆంపియర్ లబ్ధంతో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్ 0.35 దగ్గర వస్తుంది. ఇంత తక్కువ కాబట్టే అక్కడ మామూలు వాట్‌మీటర్ కాక ఎల్‌పీఎఫ్ వాట్‌మీటర్ వాడతారు. అది ఎందుకని అడుగుతారు. ఆ వెంటనే ఆ 40 అన్నది ముల్లు చూపిన అంకెనా, మల్టిప్లికేషన్ ఫ్యాక్టర్‌తో గుణించినదా అని కూడా అడుగుతారు. మీటర్ మీద రాసి ఉండే వోల్టేజ్ రేంజ్, కరెంట్ రేంజ్, పవర్ ఫ్యాక్టర్ మూడింటినీ గుణించి పూర్తి స్కేల్ అంకెతో భాగిస్తే ఆ ఫ్యాక్టర్ వస్తుంది. రేపు ల్యాబ్‌కు వెళ్లినప్పుడు ఆ మీటర్ వెతికి, అంకెలు చూసి, రికార్డులో ఆ రీడింగ్ పక్కన పెన్సిల్‌తో రాసుకో.